చార్ట్ పడేలోపు తేలాల్సిన లెక్క: వెయిటింగ్ లిస్ట్ టికెట్‌కు తోడుగా బస్సు సీటు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్ళే రైళ్ళకు 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. టీ తాగి వచ్చేసరికి స్లీపర్, థర్డ్ ఏసీ రెండూ వెయిటింగ్ లిస్ట్‌లోకి వెళ్ళిపోతాయి. అయినా జనం ఆ టికెట్ కొంటూనే ఉంటారు. పోయేదేముంది, వస్తే వచ్చింది, లేకపోతే డబ్బు తిరిగొస్తుందని ధీమా. టికెట్ డబ్బు వరకు ఆ ధీమాలో తప్పేమీ లేదు. నష్టం వచ్చేది రెండో టికెట్ దగ్గర, అంటే బస్సు సీటు దగ్గర. రైలు టికెట్ సంగతి చివరి రోజు వరకు తేలదు. ఆ తేలే రోజుకు బస్సు సీటు ధర ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది. అందుకే బెర్త్ వస్తుందా రాదా అన్నదాని కంటే, ఏ రోజు ఏ గంటకు ఏ నిర్ణయం తీసుకోవాలన్నదే అసలు ప్రశ్న.

ముందుగా టికెట్ మీద కనిపించే అంకె సంగతి. GNWL 48/WL 21 అని ఉంటే, టికెట్ కొన్నప్పుడు వరుసలో 48వ స్థానం, ఇప్పుడు 21వ స్థానం అని అర్థం. 27 స్థానాలు ముందుకు జరిగింది కాబట్టి మిగతా 21 కూడా జరిగిపోతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. వరుస జరగడానికి కారణాలు రెండు రకాలు. బెర్త్ ఉన్నవాళ్ళు రద్దు చేసుకుంటే నిజంగా ఒక బెర్త్ ఖాళీ అవుతుంది. వెయిటింగ్‌లో మన ముందున్నవాళ్ళు విసిగిపోయి రద్దు చేసుకుంటే వరుస మాత్రమే చిన్నదవుతుంది, బెర్త్ ఒక్కటి కూడా పెరగదు. పండగ ముందు వారంలో అంకె గబగబా దిగడంలో ఈ రెండో రకం వాటా బాగానే ఉంటుంది. దక్షిణ మధ్య రైల్వే ప్రత్యేక రైలు ప్రకటించగానే వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళు అటు పరుగెడతారు, పాత రైలు వరుస ఒక్కసారిగా కుంగుతుంది. చూడటానికి సంబరంగా ఉంటుంది గానీ, ఆఖరి బెర్త్ దగ్గరికి వచ్చేసరికి వరుస అక్కడే ఆగిపోతుంది.

ఒకే అంకె అన్ని తరగతుల్లో ఒకేలా ఉండదు కూడా. ఒక రైలుకు 80 బెర్తుల స్లీపర్ పెట్టెలు ఏడు ఉంటే మొత్తం 560 బెర్తులు. అదే రైలుకు 52 బెర్తుల సెకండ్ ఏసీ పెట్టెలు రెండే ఉంటే 104. నూటికి ఐదుగురు రద్దు చేసుకున్నారనుకుంటే స్లీపర్‌లో 28 బెర్తులు ఖాళీ అవుతాయి, సెకండ్ ఏసీలో ఐదు. వెయిటింగ్ 20 అంటే అక్కడ ఆశ, ఇక్కడ దాదాపు నిరాశ. దీనికి తోడు ముందున్న అక్షరాలు కూడా చూడాలి. GNWL అయితే సాధారణంగా రైలు బయలుదేరే చోటు నుంచో, ఆ దగ్గరి స్టేషన్ల నుంచో వెళ్ళేవాళ్ళ వరుస. RLWL, PQWL అయితే మధ్య స్టేషన్లకు కేటాయించిన చిన్న కోటా వెనక నిలబడినట్టు. ఆ కోటాలో బెర్తులే తక్కువ కాబట్టి రద్దయ్యేవీ తక్కువే. ఇక TQWL తత్కాల్ వెయిటింగ్. దానికి ఒకే బెర్త్‌ను ఇద్దరికి పంచే ఆర్‌ఏసీ మెట్టు ఉండదు, చార్ట్ వేసేటప్పుడు మామూలు వెయిటింగ్ తర్వాతే దాని వంతు. తత్కాల్ వెయిటింగ్ దొరికిందని బస్సు ప్రయత్నం మానుకోవడం దాదాపు ఎప్పుడూ మంచిది కాదు.

అన్నీ తేలేది చార్ట్ దగ్గర, అంటే ఎవరికి ఏ బెర్తో రాసి రైల్వే విడుదల చేసే జాబితా దగ్గర. చాలా ఏళ్ళు రైలు కదలడానికి నాలుగు గంటల ముందు చార్ట్ వేసేవారు. 2025 జులై నుంచి దాన్ని ఎనిమిది గంటలకు జరిపారు, ఆ ఏడాది డిసెంబరులో పది గంటలకు మార్చారు. ఉదయం 5 దాటాక, మధ్యాహ్నం 2 లోపు బయలుదేరే రైళ్ళకైతే ముందు రోజు రాత్రి 8 గంటలకల్లా చార్ట్ సిద్ధమవుతుంది. ఈ మార్పు చిన్నదిగా కనిపించినా, బస్సు లెక్కను మొత్తంగా తిరగరాసింది. సాయంత్రం 5 దాటాక హైదరాబాద్‌లో బయలుదేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ సంగతి చూస్తే, నాలుగు గంటల పద్ధతిలో మధ్యాహ్నం ఒంటిగంటకు తెలిసేది. ఇప్పుడు ఉదయం 7 ప్రాంతంలోనే తెలుస్తోంది. రాత్రి బస్సు ఎక్కడానికి అప్పటికి పన్నెండు, పదమూడు గంటల వ్యవధి ఉంటుంది. అయితే ఆ ఉదయం ఏడింటికి నిరాశపడేది ఒక్క కుటుంబమే కాదు. అదే రైలు, అదే వరుస, అందరికీ ఒకే నిమిషంలో మెసేజ్. అందరూ అదే పది నిమిషాల్లో బస్సు యాప్ తెరుస్తారు. అందుకే చార్ట్ చూశాక బస్సు కొందామనే ఆలోచన మామూలు రోజుల్లో నడుస్తుంది, భోగికి ముందు రెండు రోజులు నడవదు.

ఒక ఉదాహరణను అంకెలతో చూద్దాం. జనవరి 12 సాయంత్రం రైలుకు ఒక కుటుంబంలో నలుగురికి థర్డ్ ఏసీలో వెయిటింగ్ ఉంది. ఐదు రోజుల ముందు, 12వ తేదీ రాత్రి 8 గంటల బస్సులో సీటు 1,500 రూపాయలకు దొరుకుతోంది. నలుగురికి 6,000. ఆ బస్సు రద్దు నిబంధన ఇలా ఉందనుకుందాం: 24 గంటల ముందు వరకు 15 శాతం కోత, 24 నుంచి 12 గంటల మధ్య సగం కోత, ఆ తర్వాత ఏమీ రాదు. ఒక్కో ఆపరేటర్‌ది ఒక్కో లెక్క కాబట్టి టికెట్ కొనే ముందు ఆ పట్టిక చదవాల్సిందే. చార్ట్ పడ్డాక అదే సీటు 2,700 అయిందనుకుందాం. అంటే నలుగురికి 10,800. బస్సు ముందే కొనకపోతే, రైలు దొరకని పక్షంలో అదనంగా పడే భారం 4,800. ముందే కొంటే, రైలు దొరికిన పక్షంలో పోయేది 24 గంటల ముందు రద్దు చేస్తే 900, చార్ట్ చూసి రద్దు చేస్తే 3,000.

ఈ రెండు భారాలూ సమానమయ్యే చోటు ఎక్కడో లెక్క కడితే విషయం తేటపడుతుంది. 24 గంటల ముందే తేల్చుకునే పనైతే, రైలు దొరికే అవకాశం 84 శాతానికి పైగా ఉందని నమ్మకం ఉంటే తప్ప బస్సు కొనడమే లాభం. చార్ట్ దాకా రెండూ చేతిలో పెట్టుకునే పనైతే ఆ గీత 62 శాతం దగ్గరికి దిగుతుంది. పండగ రోజుల్లో థర్డ్ ఏసీ వెయిటింగ్ 25కి 62 శాతం నమ్మకం పెట్టుకోవడం అత్యాశే. సింగిల్ డిజిట్‌కు దిగి ఉంటే అది వేరే సంగతి. నలుగురి బదులు ఒక్కరే వెళ్తున్నా శాతాలు మారవు. కానీ ఒక్కరైతే చివరి నిమిషంలో ఎక్కడో ఒక సీటు దొరుకుతుంది, నలుగురికి ఒకే బస్సులో దొరకదు. అమ్మానాన్న ఒక బస్సు, పిల్లలు ఒక బస్సు అంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇక్కడ బస్సు టైమ్ ఎంచుకోవడంలో ఒక చిన్న కిటుకు ఉంది. చార్ట్ 12వ తేదీ ఉదయం 7కి వస్తుంది. రాత్రి 8 బస్సుకు అప్పటికి పదమూడు గంటలుంది. అంటే 12 గంటల గీత దాటడానికి ఇంకా ఒక గంట మిగిలి ఉంది, బెర్త్ వచ్చిందని తెలిసిన వెంటనే రద్దు చేస్తే సగమైనా తిరిగొస్తుంది. అదే సాయంత్రం 6 బస్సు తీసుకుని ఉంటే చార్ట్ వచ్చేసరికే గడువు దాటిపోయి రూపాయి కూడా రాదు. రెండు గంటల తేడాకు మూడు వేలు. కాబట్టి తోడు బస్సును రైలు టైమ్‌కు దగ్గరగా కాకుండా, చార్ట్ టైమ్‌కు రద్దు గడువు కలిపి చూసి ఎంచుకోవాలి.

చార్ట్ కంటే ముందే ఒక మలుపు ఉంటుంది, అది తత్కాల్. ప్రయాణానికి ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు. 2025 జులై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఐఆర్‌సీటీసీ ఖాతా ఉన్నవాళ్ళకే ఆన్‌లైన్ తత్కాల్ కాబట్టి, ఆ పని ఆ ఉదయమే మొదలుపెడితే జరగదు. మన ఉదాహరణలో 11వ తేదీ ఉదయం పదకొండుంపావుకల్లా తత్కాల్ సంగతి తేలిపోతుంది. బస్సుకు అప్పటికి ఇంకా దాదాపు 33 గంటలు. తత్కాల్ దొరికితే 15 శాతం కోతతోనే బస్సు రద్దు చేసుకోవచ్చు, పాత వెయిటింగ్ కూడా అప్పుడే రద్దు చేసేయాలి. దొరకకపోతే, ఆ నిమిషం నుంచి ఇది బస్సు ప్రయాణమేనని మనసులో రాసేసుకుని, రైలు వస్తే అదృష్టం అనుకోవడం మేలు. పన్నెండింటి నుంచి రాత్రి దాకా ప్రతి అరగంటకూ PNR స్టేటస్ చూసుకుంటూ కూర్చోవడం వల్ల టెన్షన్ తప్ప ఒరిగేది లేదు.

రెండు టికెట్లు చేతిలో ఉన్నప్పుడు నష్టపోయేది ఎక్కువగా రైలు దొరకనివాళ్ళు కాదు, దొరికినవాళ్ళు. ఆన్‌లైన్ టికెట్ చార్ట్ తర్వాత కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే అది దానంతటదే రద్దవుతుంది. రైల్వే పట్టుకునే క్లర్కేజీ రుసుము తలకు 60 రూపాయలు, ఏసీ అయితే దాని మీద జీఎస్టీ, పోను మిగతాది కొన్ని రోజుల్లో ఖాతాలో పడుతుంది. బుకింగ్ అప్పుడు కట్టిన కన్వీనియన్స్ ఫీజు మాత్రం తిరిగిరాదు. ఆ ఫీజు కాక నలుగురికి 240 ప్లస్ పన్ను, అంతకు మించి నష్టం లేదు. కానీ బస్సులోనే వెళ్దామని ముందు రాత్రే నిర్ణయించుకుని, వెయిటింగ్ టికెట్ ఎటూ పోతుందిలే అని వదిలేస్తే, పొద్దున చార్ట్‌లో అది కన్ఫర్మ్ అయి కూర్చుంటుంది. ఇక అది కన్ఫర్మ్ టికెట్. చార్ట్ తర్వాత కన్ఫర్మ్ టికెట్ రద్దుకు చేతికి వచ్చేది ఏమీ ఉండదనే అనుకోవాలి. బస్సు ఖాయం అనుకున్న రాత్రే వెయిటింగ్‌ను రద్దు చేస్తే పోయేది క్లర్కేజీ మాత్రమే.

బుకింగ్ సమయంలో వికల్ప్ అనే ఆప్షన్‌కు టిక్ పెట్టినవాళ్ళకు ఇదే ప్రమాదం మరో రూపంలో ఉంటుంది. ఎంచుకున్న రైలులో బెర్త్ రాకపోతే వేరే రైలులో ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు ఆ టిక్. అవసరమైనప్పుడు నిజంగా పనికొచ్చే సదుపాయమే. కానీ వేరే రైలు కేటాయించిన క్షణం నుంచి అది కన్ఫర్మ్ టికెట్ కిందే లెక్క. రద్దు కోతలు కూడా అలాగే ఉంటాయి, పాత రైలు ఎక్కడానికి వీల్లేదు. బస్సు సీటు తీసుకున్నవాళ్ళు వికల్ప్ టిక్ పెట్టామా లేదా అన్నది ఒకసారి చూసుకోవాలి.

అన్నిటికంటే గందరగోళం సగం సగం వచ్చినప్పుడు. నలుగురిలో ఇద్దరికి బెర్త్, ఇద్దరికి వెయిటింగ్. ఈ టికెట్ దానంతటది రద్దు కాదు. నలుగురి పేర్లూ చార్ట్‌లో ఉంటాయి, ఆ ఇద్దరూ ఇదే PNR మీద రైలెక్కవచ్చు, కాకపోతే రెండు బెర్తుల మీద నలుగురు సర్దుకోవాలి. రాత్రంతా అలా వద్దు, బస్సే నయం అనుకుంటే, రైలు టైమ్‌కు కనీసం అరగంట ముందు నలుగురి టికెట్‌నూ కలిపి రద్దు చేయాలి, లేదా ఆన్‌లైన్‌లో టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే దరఖాస్తు, వేయాలి. అప్పుడు కన్ఫర్మ్ అయిన ఇద్దరి డబ్బు కూడా క్లర్కేజీ పోను తిరిగొస్తుంది. ఈ నిబంధన తెలియక బస్సులో కూర్చుని మర్నాడు తీరిగ్గా రద్దు చేద్దామనుకుంటే మొత్తం పోతుంది. ఈ కారణంగానే కుటుంబాన్ని రెండు PNRలుగా విడగొట్టి బుక్ చేయడం అంత తెలివైన పని కాదు. విడగొడితే ఒకరి బెర్త్ ఇంకొకరిని రైలెక్కించలేదు, వెయిటింగ్‌లో ఉన్న PNR ఆటోమేటిక్‌గా పోతుంది. ఆర్‌ఏసీ వస్తే మాత్రం బస్సును రద్దు చేసేయవచ్చు. సైడ్ లోయర్ మీద ఇద్దరు పంచుకుని కూర్చోవాల్సి వచ్చినా రైలెక్కే హక్కు ఖాయం, ఎక్కాక బెర్త్ దొరికే అవకాశం కూడా ఉంటుంది.

కౌంటర్‌లో తీసుకున్న వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్‌లో ఎక్కి టీటీఈని బతిమాలుకోవడం ఒకప్పటి అలవాటు. 2025 మే నుంచి దీని మీద గట్టిగా ఉంటున్నారు. ఆ టికెట్‌తో జనరల్ పెట్టెలో తప్ప రిజర్వేషన్ పెట్టెలో ప్రయాణం కుదరదు, దొరికితే జరిమానా, దింపేయడం. సంక్రాంతి జనరల్ పెట్టెలో పన్నెండు గంటలు పిల్లలతో నిలబడటం బస్సుకు ప్రత్యామ్నాయం అనిపించుకోదు.

ఇక రోడ్డు సంగతి. హైదరాబాద్ నుంచి విశాఖ విజయవాడ మీదుగా ఆరు వందల కిలోమీటర్ల పైమాటే, మామూలు రోజుల్లో బస్సుకు పన్నెండు, పదమూడు గంటలు. పండగ ముందు మాత్రం చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేట్ దాటడానికే ఎంత పడుతుందో చెప్పలేని పరిస్థితి. ఆ తర్వాత కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు. యాప్‌లో ఉదయం 9కి చేరుతుందని చూపిస్తే మధ్యాహ్నం అనుకుని ఏర్పాట్లు చేసుకోవడం మంచిది. ఖమ్మం, సత్తుపల్లి మీదుగా రాజమండ్రి వైపు వెళ్ళే బస్సు దొరికితే విజయవాడ రద్దీ తప్పుతుంది.

మరో విషయం చాలామంది పట్టించుకోరు. రైలు ఎక్కే చోటు, బస్సు ఎక్కే చోటు ఊరికి రెండు మూలల్లో ఉంటాయి. కొన్ని రైళ్ళు ఇప్పుడు చర్లపల్లి నుంచి బయలుదేరుతున్నాయి. బస్సులేమో ఎల్‌బీ నగర్, హయత్‌నగర్‌లలో జనాన్ని ఎక్కించుకుంటాయి. స్టేషన్‌కు వెళ్ళి చివరి చార్ట్ దాకా చూసి, కాకపోతే బస్సు ఎక్కుదామనే ప్లాన్ కాగితం మీదే బాగుంటుంది. రైలు కదలడానికి ముందు వేసే ఆ రెండో చార్ట్‌లో పండగ రోజున మిగిలేదీ పెద్దగా ఉండదు. ఆ సమయానికి లగేజీతో ఎల్‌బీ నగర్ చేరి ఉండటమే తెలివి.

ఆర్టీసీనా ప్రైవేటా అంటే, తోడు టికెట్‌గా ఆర్టీసీకే మొగ్గు. తెలంగాణ ఆర్టీసీ పండగ ప్రత్యేక బస్సులకు 2003 నాటి జీవో 16 ప్రకారం టికెట్ ధరను ఒకటిన్నర రెట్ల వరకు పెంచుతుంది. అది భారమే, కానీ ఎంత దాకా పెరుగుతుందో ముందే తెలుస్తుంది. ప్రైవేటు బస్సు ధరకు అలాంటి పై గీత లేదు. పైగా ప్రైవేటులో తక్కువ ధర కనిపించిన చోట రద్దు నిబంధన కఠినంగా ఉంటుంది. తోడు టికెట్‌కు ధర కంటే రద్దు పట్టికే ముఖ్యం. నలుగురు కలిసి క్యాబ్ మాట్లాడుకుంటే? కిలోమీటరుకు 14 రూపాయల చొప్పున 630 కిలోమీటర్లకు 8,800 పైన, టోల్, డ్రైవర్ బత్తా అదనం, చాలామంది తిరుగు ప్రయాణపు కిరాయి కూడా అడుగుతారు. తెల్ల నంబర్ ప్లేటు కారులో తక్కువకు తీసుకెళ్తామనే బేరం వస్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా చిక్కు ఎవరి మెడకు చుట్టుకుంటుందో ముందే అడిగి చూస్తే బేరం అక్కడే ఆగుతుంది.

అంతా రోడ్డు మీదే వెళ్ళాలని కూడా లేదు. విజయవాడ దాకా దాదాపు 275 కిలోమీటర్లకు బస్సుల సంఖ్య చాలా ఎక్కువ, చివరి రోజు కూడా సీటు దొరికే అవకాశం అక్కడే ఉంది. రాత్రి పదిలోపు బయలుదేరితే, టోల్‌గేట్ల దగ్గర రెండు గంటలు పోయినా తెల్లవారుజామున పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి రైల్వే స్టేషన్‌కు ఆటోలో కొద్ది నిమిషాలు. ఉదయం 6 దాటాక విశాఖకు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ బయలుదేరుతుంది. అది పగటి రైలు, అన్నీ కూర్చునే సీట్లు, జనరల్ పెట్టెలు కూడా ఉంటాయి. హైదరాబాద్ రైలు వెయిటింగ్‌లో ఉన్నప్పుడే రత్నాచల్‌లో సెకండ్ సిట్టింగ్ రిజర్వేషన్ చూసి పెట్టుకుంటే, బస్సు ఎంత ఆలస్యమైనా నష్టపోయేది చిన్న టికెట్టే. అది తప్పిపోతే గుంటూరు నుంచి వచ్చే సింహాద్రి ఎక్స్‌ప్రెస్ కూడా పగటిపూటే విశాఖ వెళ్తుంది. పండగ రోజుల్లో జనరల్ టికెట్ కౌంటర్ వరుస ప్లాట్‌ఫారం కంటే పొడవుగా ఉంటుంది కాబట్టి, ఆ టికెట్‌ను బస్సు విజయవాడ పొలిమేరకు రాగానే ఫోన్‌లో రైల్వే యాప్ తెరిచి తీసేసుకుంటే సరిపోతుంది.